పద్నాలుగో జోన్‌లో లేని క్రేట్

ఒక చెయ్యి గురించి రాద్దామని కూర్చున్నాను. కుడి చెయ్యి. ఆ చేత్తో ఒకావిడ సాయంత్రాలు నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే చోట జొన్న రొట్టెలు చేసేది. పొద్దున్నించి నాలుగింటి దాకా అదే చేత్తో పుప్పాలగూడలో ఒక సరుకుల గోదాములో క్రేట్లు సరిచూసేది. ఆ చెయ్యి ఇప్పుడు మునుపటిలా లేదు. అందులో నా పాలు ఎంతో నాకు తెలుసు. అది దాచిపెట్టి మిగతాదంతా అందంగా చెప్పడం నాకు చేతకాదు.

నా ఉద్యోగం కన్వేయర్లకు, అంటే సరుకును రోలర్ల మీద నడిపించే యంత్రాలకు, ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో చెప్పే లాజిక్ రాయడం. మాది అనంతపురం. మా ఇంట్లో నేనేదో ఐటీలో ఉన్నానని చెప్పుకుంటారు. నేనూ సరిదిద్దను. ఆఫీసు నానక్‌రామ్‌గూడ టవర్లలో తొమ్మిదో అంతస్తు. ఏసీలో కూర్చుని, ఊరికి అటు పక్కనో ఇటు పక్కనో నేలమాళిగల్లో తిరుగుతున్న రోలర్లను తెరమీద చూస్తూ ఉంటాను. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది. నేను రాసినదాన్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే అది ఇంకాస్త ముందుకొస్తుంది.

ఆ గోదాము ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం పక్కన, బండ తొలిచి కట్టిన నేలమాళిగ. బియ్యం, పప్పు, నూనె ప్యాకెట్లు నింపిన నీలం క్రేట్లు ఒక మూల నుంచి రోలర్ల మీద బయల్దేరి, మలుపు తిరిగి, సరిచూసే బల్ల దగ్గరికి వస్తాయి. ఆ దారిని పద్నాలుగు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కను జోన్ అంటాం. ప్రతి జోన్‌కూ తన సొంత మోటారు, తన చివర ఒక సెన్సర్. అక్కడ పనిచేసేవాళ్లు దాన్ని కన్ను అంటారు. ఆ కన్ను ఒక కిరణాన్ని ఎదుటి అద్దపు బిళ్ల మీదికి పంపుతుంది. అది తిరిగి వస్తే జోన్ ఖాళీ. రాకపోతే మధ్యలో క్రేట్ ఉన్నట్టు.

లాజిక్ చాలా మర్యాదైనది. ముందున్న జోన్‌లో క్రేట్ ఉంటే వెనకది తన క్రేట్‌ను తన కన్ను దగ్గరే ఆపేసుకుంటుంది. ముందుది ఖాళీ అయిన ఒక సెకను తర్వాత మాత్రమే వదులుతుంది. అందువల్ల క్రేట్లు ఒకదాన్నొకటి తోసుకోవు, మధ్యలో ఎడం ఉంటుంది. చివరిది పద్నాలుగో జోన్. అది బల్ల ముందు ఉంటుంది. అక్కడికొచ్చిన క్రేట్, బల్ల దగ్గరి మనిషి ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా కదలదు. అంతసేపూ పదమూడు ఆగుతుంది, దాని వెనక పన్నెండు, అలా మొదటి దాకా.

మొదట్లో కన్ను నన్ను బాగా ఏడిపించింది. క్రేట్ పక్క గోడకు చెయ్యి పట్టుకునే కంత ఉంటుంది. క్రేట్ కదులుతుండగా ఆ కంతలోంచి కిరణం దూరిపోయి, కన్నుకు ఒక క్రేట్ రెండుగా కనిపించేది. మొదటి సగం వెళ్లిపోయింది, జోన్ ఖాళీ అనుకుని వెనకదాన్ని వదిలేసేది. కిరణం కాసేపు నిలకడగా తిరిగి వస్తేనే ఖాళీ అని నమ్మమని ఒక ఆలస్యం పెట్టి ఆ గోల వదిలించుకున్నాను. ఆ రోజు నుంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. తేడా ఏదైనా వస్తే అది కన్నుదే, మనుషులది కాదు. అలా అనుకోవడం తేలిక.

లైను మొదలైన రెండో నెలలో అది కనిపించింది.

మధ్యాహ్నం మూడు దాటింది. తెరమీద పద్నాలుగు గళ్లు వరసగా ఉన్నాయి. క్రేట్ ఉన్న గడి ఆకుపచ్చ, లేనిది బూడిద రంగు. పద్నాలుగో గడి బూడిద రంగులోకి మారింది. అంటే బటన్ నొక్కారు, క్రేట్ వెళ్లిపోయింది. వెంటనే మళ్లీ ఆకుపచ్చ అయింది. పదమూడు ఇంకా ఏమీ వదల్లేదు. దాని క్రేట్ దాని దగ్గరే ఉంది. మరి పద్నాలుగులోకి వచ్చిందేమిటి? నలభై సెకన్లు అలాగే ఉంది. తర్వాత, బటన్ ఎవరూ నొక్కకుండానే, గడి బూడిద రంగులోకి పోయింది.

రాని క్రేట్ వచ్చింది, ఎవరూ పంపకుండానే పోయింది. మర్నాడూ అదే వేళకి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కొన్ని రోజులు మూడుసార్లు వచ్చేది. నా వెనక మీటింగు గదిలో ఎవరో నవ్వుతుంటే, నేను మాత్రం ఆ గడినే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరో వచ్చి కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోతున్నట్టే ఉండేది.

గోదాము సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఆయనది గోదావరి జిల్లా, మాట మర్యాద ఎక్కువ. అలాంటిదేం లేదండి, అంతా బాగానే నడుస్తోందండి అన్నాడు. ఒప్పుకోకుండా నేనే వెళ్లాను. సెన్సర్ మార్చాను. ఎదుటి బిళ్ల తుడిచాను. తీగలన్నీ పీకి మళ్లీ బిగించాను. బల్ల పక్కనే స్టూలు వేసుకుని రెండింటి నుంచి నాలుగింటి దాకా కూర్చున్నాను. ఆ రెండు గంటలూ రాలేదు. మర్నాడు ఆఫీసులో కూర్చున్నాను, మూడు దాటగానే వచ్చింది.

మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అంతే. నేనుంటే రాదు. వాచ్‌మన్ ఈ సంగతి ఎక్కడ విన్నాడో, కంట్రోల్ ప్యానెల్ తలుపుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాడు. బండ పేల్చినప్పుడు ఇక్కడ ఏదో జరిగిందని అంటారమ్మా అన్నాడు. నేను విసుక్కున్నాను. కానీ ఆ నిమ్మకాయను తెంపి పారెయ్యలేదు.

బల్ల దగ్గర పనిచేసే ఆవిడను అప్పుడే చూశాను. వాళ్లది పాత పుప్పాలగూడ ఊరే. నలభై అయిదేళ్లుంటాయి. ఎర్రటి ఏప్రన్, మెడలో పసుపు తాడు, చెవుల వెనక్కి బిగించి కట్టిన జుట్టు. అక్కా, ఇక్కడ క్రేట్ రాకుండానే వచ్చినట్టు ఎప్పుడైనా ఆగుతుందా అని అడిగాను. సూపర్‌వైజర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె ఒకసారి ఆయన్ని చూసి, లేదు మేడం అంది. ఆ చూపు నేను చూశాను. చూసి వదిలేశాను. నా బుర్రంతా కన్ను మీదే ఉంది.

ఆ చూపులో ఉన్నదేమిటో నాకు చాలా తర్వాత తెలిసింది. వరస తప్పినా ఇక్కడే చెప్తాను, లేకపోతే చదివేవాళ్లకు కూడా నాలాగే అర్థం కాకుండా పోతుంది.

ఆ క్రేట్ ఆమె ఎడమ అరచెయ్యి.

మలుపు దిగి పద్నాలుగులోకి వచ్చేచోట క్రేట్ అప్పుడప్పుడూ వంకరగా తిరిగి, పక్క రాడ్డుకు మూల తగిలి ఇరుక్కుంటుంది. పదమూడో కన్ను దాటిపోయింది, పద్నాలుగో కన్ను దాకా రాలేదు. ఆ రెండు కళ్ల మధ్య ఉన్న క్రేట్ ఎవరికీ కనిపించదు. దాని కోసమే ఒక ఏర్పాటు ఉంది. పదమూడు వదిలిన క్రేట్ నాలుగు సెకన్లలో పద్నాలుగుకు చేరకపోతే, జామ్ అని నారింజ దీపం వెలిగి రెండు జోన్లూ ఆగుతాయి. అయిదు సెకన్లయ్యాక పద్నాలుగో జోన్ రోలర్లు తమంతట తామే రెండు సెకన్లు తిరిగి చూస్తాయి. చాలాసార్లు ఆ కుదుపుకే క్రేట్ విడిపోతుంది. మూడు ప్రయత్నాలకూ విడిపోకపోతే ఎర్ర దీపం వెలిగి, ఎవరో వచ్చి రీసెట్ చేసేదాకా తాళం వేసినట్టే.

ఇరుక్కున్న క్రేట్‌ను చేత్తో తీయకూడదు. లైను పక్కన కట్టి ఉన్న, అత్యవసరంగా ఆపే తాడు లాగాలి. తాడు లాగితే మొత్తం లైను ఆగుతుంది, సూపర్‌వైజర్ తాళం చెవితో రావాలి, ఎందుకు ఆగిందో రాయాలి, ఎవరు ఆపారో రాయాలి. రోజుకు నాలుగుసార్లు తాడు లాగే మనిషిని ఎవరూ బల్ల దగ్గర ఉంచరు. అందుకని ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. ఎడమ అరచెయ్యి కన్నుకు అడ్డం పెడుతుంది. క్రేట్ వచ్చేసిందని లాజిక్ నమ్ముతుంది. జామ్ తీరిపోయింది, పద్నాలుగు నిండింది, బటన్ నొక్కేదాకా కదలకూడదు. రోలర్లు చచ్చినట్టు పడి ఉంటాయి. కుడి చేత్తో క్రేట్‌ను పెకలించి బల్లమీదికి లాగేసుకుంటుంది. తర్వాత అరచెయ్యి తీస్తుంది.

మూడింటికి నా తెరమీద కనిపించే ఆ లేని క్రేట్ సంగతి ఇంకా చిన్నది. బల్ల ముందు క్రేట్ ఆగగానే పైనున్న స్కానర్ దాని చీటీ చదువుతుంది. అక్కణ్నించి బటన్ నొక్కేదాకా పట్టిన సమయం ఆమె పేరు మీద పడుతుంది. అరచేతికి చీటీ లేదు కదా, ఆ సమయం ఎవరి పేరు మీదా పడదు. అందుకని ఒక క్రేట్‌ను పంపి, తర్వాతది వచ్చేలోపు కన్నుకు చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో సీసా ఎత్తి నీళ్లు తాగేది. నడుం ఒకసారి వెనక్కి వంచేది. నలభై సెకన్లు. సూపర్‌వైజర్‌కి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. పైనుంచి ఎవరైనా వస్తే మాత్రం అలా చెయ్యొద్దని ముందే చెప్పేవాడు. పైనుంచి వచ్చేది నేను.

నా చదువు, నా ఏళ్ల అనుభవం, నా తొమ్మిదో అంతస్తు. వీటన్నిటికంటే ఆ లాజిక్‌ను బాగా చదివింది ఆవిడ. ఒక్క లైను కోడ్ చూడకుండా.

నేనేం చేశానో ఇప్పుడు చెప్తాను. దయ్యం వదిలించాను.

చాలా చిన్న మార్పు. పదమూడు వదిలినప్పుడే పద్నాలుగుకు క్రేట్ రాగలదు. వదిలిన సెకను నుంచి నాలుగు సెకన్ల లోపే రాగలదు. ఆ సమయంలో కన్ను మూసుకుంటే అది క్రేట్. మరెప్పుడు మూసుకున్నా అది దుమ్మో ధూళో, లెక్కచేయొద్దు. ఆఫీసులో అందరికీ చూపించాను, బాగుందన్నారు. లెక్కచేయకుండా వదిలేసిన ప్రతిసారీ ఒకటి కలిపే మీటరు ఒకటి పక్కన పెట్టాను, నా సరదా కోసం. సోమవారం పొద్దున మార్పు ఎక్కించాను. మూడు దాటింది. గడి బూడిద రంగులోనే ఉంది, పదమూడు నుంచి క్రేట్ వచ్చాక మాత్రమే ఆకుపచ్చ అయింది. మీటరు ఒకటి చూపించింది. నేను టీ తెచ్చుకున్నాను.

బుధవారానికి మీటరు తొమ్మిది. ఆ పూట గోదాము నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. పద్నాలుగో కన్ను అప్పుడప్పుడు చూడటం లేదు, ఒక్కమాటే. ఎవరికి ఎలా తెలిసింది, ఏం చేస్తుంటే తెలిసింది అని రాయలేదు. రాయలేరు కదా. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ లేనిదాన్ని చూసింది, ఇప్పుడు ఉన్నదాన్ని చూడటం లేదట. రికార్డు తీశాను. వచ్చిన ప్రతి క్రేట్‌నూ కన్ను చూసింది, ఒక్కటీ తప్పలేదు. కన్ను బాగుంది, పరీక్షించాం, అనుకున్నట్టే పనిచేస్తోంది అని రాసి ఫిర్యాదు మూసేశాను. సూపర్‌వైజర్ ఆ సాయంత్రమే వెళ్లి ఆమెకు చెప్పాడు, మేడం చూశారట, కన్ను బాగుందట అని.

శుక్రవారం పదకొండింటికి ఆఫీసులో ఫోన్ మోగింది. పద్నాలుగో జోన్ దగ్గర చెయ్యి ఇరుక్కుంది, దవాఖానకు తీసుకెళ్లారు అన్నారు. నేను మొదట అడిగిన మాట, లైను ఆగిందా అని. ఆ మాట అన్నది నేనే. కొన్ని రాత్రులు అది గుర్తొచ్చి దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను.

తర్వాత రికార్డు తెరిచాను. దాన్ని చదువుతుంటే ఏమనిపించిందో చెప్పడం కష్టం. ఉట్టి అంకెలు, సమయాలు. పదమూడు వదిలింది. నాలుగు సెకన్లు. చేరలేదు, జామ్. నారింజ దీపం. రెండు సెకన్ల తర్వాత కన్ను మూసుకుంది, లెక్కచేయలేదు. క్రేట్ రాలేదు కాబట్టి కన్నును మూసింది ఆమె ఎడమ అరచెయ్యే. కన్ను బాగుందని నేను చెప్పాను కాబట్టి నమ్మి పెట్టింది, నమ్మి కుడి చెయ్యి క్రేట్‌కూ రాడ్డుకూ మధ్యకు పోనిచ్చింది. మరో మూడు సెకన్లు. రోలర్లు తిరిగాయి, మొదటి ప్రయత్నం. క్రేట్ ఆ చేతిని రాడ్డుకు అదిమేసింది.

ఆ కింద వరసలన్నీ ఒకటే. కన్ను మూసుకుంది, లెక్కచేయలేదు. తెరుచుకుంది. మూసుకుంది, లెక్కచేయలేదు. తెరుచుకుంది. రెండో ప్రయత్నం. మూసుకుంది. మూసుకుంది. మూడో ప్రయత్నం. ఏసీ గదిలో, పట్టపగలు, ఆ వరసలు చదువుతున్న నాకు అవతల ఎవరో తలుపు కొడుతున్నట్టు వినిపించింది. ఇరుక్కున్న మనిషి ఎడమ చెయ్యి కన్ను ముందు ఊపుతూనే ఉంది. తాడు అటు పక్కన ఉంది, అందదు. ఆమెకు తెలిసిన ఒకే ఒక్క భాషలో నా లాజిక్‌తో ఆగు ఆగు అంటూనే ఉంది. అది ప్రతిసారీ విని, ఒకటి కలుపుకుని, పక్కన పెట్టింది. పదకొండుసార్లు.

ఇన్నాళ్లూ భయపడ్డ దయ్యం ఎవరో అప్పుడు అర్థమైంది. మెట్ల మీదికి పోయి కూర్చున్నాను.

సోమవారం గోదాములో మీటింగ్ పెట్టారు. సూపర్‌వైజర్ రాసి తెచ్చిన కాగితంలో, నడుస్తున్న లైనులో చెయ్యి పెట్టినందువల్ల అని ఉంది. తప్పంతా ఆమెదే అయ్యేటట్టుంది. నేను నా రికార్డు అచ్చుతీసి బల్లమీద పెట్టాను. అరచెయ్యి సంగతి, నేను చేసిన మార్పు, నేను మూసేసిన ఫిర్యాదు, అన్నీ చెప్పాను. గొప్పకోసం చెప్పడం లేదు. అది చెప్పకపోతే ఇక ఏ తెరముందూ కూర్చోలేనని భయం. సూపర్‌వైజర్ తల దించుకుని, మాకు తెలుసండి, ఆపలేకపోయామండి అన్నాడు. ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు బల్ల దగ్గర రోలర్లు తమంతట తాము తిరిగి చూడవు. లైనును ఆపి ఉంచే పసుపు బటన్ ఎడమ చేతికి అందేచోట ఉంది, తాడు రెండు పక్కలా ఉంది. నొక్కినందుకు ఎవరి పేరు మీదా ఏమీ పడదు. ఇవన్నీ మొదటి రోజే పెట్టాల్సినవి.

నెల దాటాక ఒక సాయంత్రం షేర్ ఆటోల అడ్డా దగ్గరికి వెళ్లాను. ఆమె పొయ్యి వెనక కూర్చుని ఉంది. రొట్టె వాళ్ల అత్త చేస్తోంది. ముసలావిడ, చేతులు మెల్లగా ఆడుతున్నాయి, ముందు నిలబడ్డ వాళ్లు ఫోన్లు చూసుకుంటూ విసుక్కుంటున్నారు. ఈమె ఎడమ చేత్తో కాలిన రొట్టెలు కాగితంలో చుట్టి ఇస్తోంది. కుడి చేతి నడిమి వేలు, ఉంగరం వేలు సగం వరకే వంగుతున్నాయి. పిండి ముద్ద ఆ చేతి కింద తిరగదట, ఒక పక్కకు పోతుందట.

పక్కన పీట మీద కూర్చుని జరిగినదంతా చెప్పాను. మార్పు ఎందుకు చేశానో, ఫిర్యాదు ఎలా మూసేశానో. మీ వల్ల కాదు మేడం అంటుందేమోనని లోపల ఎక్కడో ఆశపడ్డాను. ఆమె అలాంటిదేమీ అనలేదు. చివరి దాకా విని ఒకటే అడిగింది.

"గా కన్ను ఆ పొద్దు నా చెయ్యిని చూసిందా, చూడలేదా?"

"చూసింది అక్కా. పదకొండుసార్లు చూసింది."

"అంతకుముందు?"

"సోమవారం నుంచి. రోజూ చూసింది. నాకు లెక్క కనబడుతూనే ఉంది."

ఆమె రొట్టె చుట్టడం ఆపింది. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మరి ఒక్కనాడన్న, గాడ ఎవరున్నరని అడగబుద్ధి కాలేదా బిడ్డా?"

లేదు అన్నాను. ఆమె తలూపి, ముందు నిలబడ్డ మనిషికి రొట్టెలు అందించింది.